మైనస్ ఉన్న పేపర్లో తెలియని బిట్ పెట్టాలా, వదిలేయాలా?

ఇంటర్ ఎంపీసీ పిల్లలు జనవరిలోనో ఏప్రిల్లోనో జేఈఈ మెయిన్ రాస్తారు, ఆ తర్వాత ఎంసెట్ రాస్తారు. పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్ళల్లో ఇంకా ఎంసెట్ అనే అంటున్నాం కాబట్టి నేనూ అలాగే రాస్తాను. రెండిట్లోనూ ఎక్కువగా నాలుగు ఆప్షన్ల బిట్లే, సిలబస్‌లో పెద్ద తేడా లేదు. కానీ తెలియని బిట్ ఎదురైనప్పుడు ఏం చేయాలన్నది మాత్రం రెండు చోట్లా ఒకటి కాదు.

ఎంసెట్‌లో 160 బిట్లు, ఒక్కోదానికి ఒక మార్కు, తప్పుకు కోత లేదు. అంటే అక్కడ ఒక్క బిట్ వదిలినా అది చేజేతులా పోగొట్టుకోవడమే. 160 బిట్లూ చూడకుండా పెట్టేసినా నాలుగింట ఒకటి చొప్పున సగటున 40 వస్తాయి. అర్హత మార్కు 25 శాతం, అంటే అదీ 40నే! ఆఖరి ఐదు నిమిషాల్లో మిగిలిన బిట్లన్నిటికీ ఏదో ఒక ఆప్షన్ నొక్కేసి లేవండి. ఎంసెట్ గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

జేఈఈ మెయిన్‌లో ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. ఇక్కడ పిల్లలు రెండు రకాలుగా దెబ్బతింటారు. కొందరు ఎంసెట్ అలవాటుతో అన్నీ నింపేస్తారు. ఇంకొందరు మైనస్ అన్న మాటకే భయపడి, రెండు ఆప్షన్లు కొట్టేసిన బిట్‌ను కూడా వదిలేసి వస్తారు. నేను చూసినంతలో రెండో రకం వాళ్ళే ఎక్కువ, వాళ్ళు పోగొట్టుకునేదీ ఎక్కువే. కాకపోతే అది స్కోరు కార్డు మీద కనబడదు. తప్పు పెడితే పోయిన మార్కు లెక్కలో తేలుతుంది, వదిలేస్తే రాకుండా పోయిన మార్కు ఎక్కడా తేలదు.

మొదటి పని: మీ పేపర్ గీత ఎంతో కట్టండి

ప్రతి మైనస్ పేపర్‌కూ ఒక గీత ఉంటుంది. ఆ గీతకు పైన ఉంటే పెట్టడం లాభం, కింద ఉంటే వదలడం లాభం. దాన్ని కట్టడం ఒక్క లైను లెక్క.

గీత = కోత ÷ (మార్కు + కోత)

జేఈఈ మెయిన్‌లో 1 ÷ (4 + 1), అంటే ఐదింట ఒకటి, 20 శాతం. ఇలాంటి బిట్లు ఐదు పెడితే ఒకటి ఒప్పు, నాలుగు తప్పు అయినప్పుడు ప్లస్ 4, మైనస్ 4 కొట్టుకుపోతాయి. ఐదింట ఒకటి కన్నా ఎక్కువ తగులుతుంటే మిగిలేది లాభమే. నీట్‌లోనూ 4, మైనస్ 1 కాబట్టి గీత అదే.

ఇప్పుడు ఒక చిత్రం చూడండి. నాలుగు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని ఒకటి పెడితే తగిలే అవకాశం 25 శాతం. గీత 20 దగ్గరుంది. అంటే ఏమీ తెలియకుండా గుడ్డిగా పెట్టినా జేఈఈ మెయిన్‌లో సగటున బిట్‌కు పావు మార్కు లాభం. ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తేల్చి మిగిలిన మూడింట్లో ఒకటి పెడితే, సగటు లాభం మార్కులో మూడింట రెండు వంతులు. రెండు తేల్చేస్తే ఒకటిన్నర మార్కులు.

ఒప్పు మార్కులో మూడో వంతు కోసే పరీక్షల్లో లెక్క మారుతుంది. ఏపీపీఎస్సీ గ్రూప్స్, యూపీఎస్సీ ప్రిలిమ్స్, గేట్‌లోని బిట్లు ఆ బాపతు. అక్కడ గీత సరిగ్గా 25 శాతం, కాబట్టి నాలుగు ఆప్షన్ల బిట్‌ను గుడ్డిగా పెడితే సగటున రాదూ పోదు. ఒక్క ఆప్షన్ కొట్టేసినా లాభం మొదలవుతుంది. అందుకే అన్న గ్రూప్స్ రాసిన అనుభవంతో చెప్పే సలహా తమ్ముడి జేఈఈకి పనికిరాదు.

రెండో పని: "సగటున" అన్న మాటకు అర్థం తెలుసుకోండి

పావు మార్కు లాభం అనగానే అన్నీ గుడ్డిగా నింపేయాలని అనిపిస్తుంది. ఆగండి. 20 బిట్లు గుడ్డిగా పెట్టారనుకుందాం. సగటున 5 తగులుతాయి, ప్లస్ 20 మైనస్ 15, చేతికి 5 మార్కులు. కానీ సరిగ్గా 5 తగలాలని ఎక్కడా రాసిలేదు. 2 తగిలితే మైనస్ 10, 8 తగిలితే ప్లస్ 20. వందమంది ఇలా 20 బిట్లు పెడితే 22, 23 మంది ఉన్న మార్కులు పోగొట్టుకుంటారు, ఓ 19 మంది సున్నా దగ్గర ఆగుతారు, మిగతా వాళ్ళకు ఎంతో కొంత వస్తుంది. ఆ ఇరవై ముగ్గురిలో మీరుండరన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

కాబట్టి గుడ్డిగా పెట్టడం తప్పేం కాదు, అలాగని దాన్నుంచి ఆశించదగ్గదీ పెద్దగా లేదు. అసలు లాభం ఒకటి రెండు ఆప్షన్లు కొట్టేసిన బిట్లలో ఉంది. పది బిట్లలో రెండేసి ఆప్షన్లు తీసేయగలిగితే సగటున 15 మార్కులు. అవే పది గుడ్డిగా పెడితే రెండున్నర.

ఒకే అక్షరం పెట్టాలా, మార్చి మార్చి పెట్టాలా అని చాలామంది అడుగుతారు. ఏది చేసినా సగటు ఒకటే. ఒకే అక్షరం పెడితే ఆలోచించే టైమ్ మిగులుతుంది, అంతే. ఇంకీ పింకీ పాంకీకి పరీక్ష హాల్లో పని లేదు.

మూడో పని: న్యూమరికల్ బిట్లను వేరే గంపలో వేయండి

జేఈఈ మెయిన్‌లో ఒక్కో సబ్జెక్టుకు 25 ప్రశ్నలు. అందులో 20 ఆప్షన్ల బిట్లు, 5 న్యూమరికల్. న్యూమరికల్‌కు ఆప్షన్లుండవు, సంఖ్య మనమే టైప్ చేయాలి. 2021లో వీటికి మైనస్ లేదు, ఆ తర్వాత పెట్టారు. అప్పట్లో రాసిన సీనియర్లు "న్యూమరికల్‌లో ఏదో ఒకటి కొట్టెయ్, పోయేదేం లేదు" అని ఇప్పటికీ చెబుతుంటారు. వినకండి.

గీత ఇక్కడా 20 శాతమే. కానీ గుడ్డిగా కొట్టిన సంఖ్య సరైనదయ్యే అవకాశం నూటికి ఒకటో, అంతకన్నా తక్కువో. మరి ఎప్పుడు పెట్టాలి? లెక్క చివరిదాకా వచ్చి, 2తో గుణించాలా వద్దా అన్న ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయారనుకోండి. అప్పుడు మీ చేతిలో ఉన్నవి రెండే జవాబులు, ఏదో ఒకటి పెట్టండి. సంఖ్య ఎలా వస్తుందో దారే తెలియకపోతే ఖాళీగా వదిలేయండి. ఎక్కువసార్లు జవాబు 2, 4, 8 వస్తుందిలే అని కొట్టేవాళ్ళున్నారు. అది ఐదింట ఒకసారి తగలాలి. తగలదు.

నాలుగో పని: ఆప్షన్లు ఎక్కడినుంచి వచ్చాయో కనిపెట్టండి

ఇప్పటిదాకా ఆప్షన్లన్నీ సమానమే అన్నట్టు లెక్క కట్టాం. పేపర్ చేసేవాళ్ళు మాత్రం ఆప్షన్లను ఊరికే రాయరు. విద్యార్థి ఎక్కడెక్కడ తప్పటడుగు వేస్తాడో చూసి, ఆ తప్పుకు వచ్చే జవాబునే ఆప్షన్‌గా పెడతారు. చిన్న ఉదాహరణ ఒకటి చేద్దాం.

ఒక రాయిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. g విలువ 10 అనుకోండి. మొదటి 3 సెకన్లలో రాయి ప్రయాణించిన మొత్తం దూరం ఎంత? ఆప్షన్లు: 15, 25, 60, 105 మీటర్లు.

సూత్రం గుర్తున్నవాడు గబగబా ut − ½gt² వేస్తాడు. 60లోంచి 45 తీసేస్తే 15 వస్తుంది. ఎదురుగా 15 కనబడగానే ప్రాణం లేచొస్తుంది, నొక్కేస్తాడు. కానీ 15 స్థానభ్రంశం, అడిగింది దూరం. రాయి 2 సెకన్లలో 20 మీటర్లు పైకి వెళ్ళి, మూడో సెకనులో 5 మీటర్లు దిగింది. జవాబు 25. ఇక 60 ఎక్కడిది? గురుత్వాన్ని మరిచిపోతే వచ్చేది. 105 ఎక్కడిది? మైనస్‌కు బదులు ప్లస్ వేస్తే వచ్చేది. మూడు తప్పు ఆప్షన్లూ మూడు తప్పుటడుగులు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఏమీ తెలియనివాడికి ఈ బిట్ తగిలే అవకాశం 25 శాతం. సగం తెలిసినవాడు 15 వైపే లాగబడతాడు కాబట్టి అతనికి అంతకన్నా తక్కువ. "రెండు మిగిలాయి కాబట్టి యాభై శాతం" అని మనం అనుకున్నచోట, మన చెయ్యి పోయేది పేపర్ చేసినవాడు పెట్టిన ఉచ్చు వైపైతే, ఆ యాభై ముప్పైకో ఇరవైకో పడిపోవచ్చు.

అందుకని ఆప్షన్లు కొట్టేసేటప్పుడు "ఇది అవుననిపిస్తోంది" అన్నదాన్ని నమ్మకండి. "ఇది ఎందుకు కుదరదు" అన్నదానికి కారణం చూపించగలిగితేనే కొట్టేయండి. పై లెక్కలో రాయి పైకి వెళ్ళడమే 20 మీటర్లు, ఆ తర్వాత దిగుతోంది కూడా, కాబట్టి 15 కుదరదు. ఆ 3 సెకన్లలో రాయి వేగం ఎప్పుడూ 20 దాటలేదు, కాబట్టి దూరం 60 కన్నా తక్కువే ఉండాలి. దాంతో 60, 105 రెండూ పోయాయి. మిగిలింది 25. సూత్రం పూర్తిగా గుర్తులేకపోయినా జవాబు దొరికింది.

ఇలా కొట్టేయడానికి ఫిజిక్స్‌లో యూనిట్లు, డైమెన్షన్లు, సున్నా లేదా అనంతం పెట్టి చూడటం బాగా పనికొస్తాయి. మ్యాథ్స్‌లో n = 1 వేసి చూడటం, ఆప్షన్‌నే సమీకరణంలో తిరిగి పెట్టి చూడటం. ఇనార్గానిక్ కెమిస్ట్రీలో ఇలాంటి సాయం తక్కువ, అక్కడ గుర్తుంటే ఉంది, లేకపోతే లేదు.

ఐదో పని: మీకు ఎంత శాతం తగులుతోందో మాక్‌లలోనే కొలవండి

ఈ గైడ్‌లో ఒక్కటే చేస్తానంటే ఇదే చేయండి. గీత 20 శాతం అన్నది అందరికీ ఒకటే. ఆ గీతకు మీరు పైనున్నారా, కిందున్నారా అన్నది మాత్రం మీ మాక్‌లే చెప్పాలి.

మాక్ రాసేటప్పుడు రఫ్ పేపర్ మీద ప్రతి ప్రశ్న నంబరు పక్కన ఒక గుర్తు వేసుకోండి. జవాబు ఖాయమైతే టిక్కు. కారణం చూపి రెండు కొట్టేస్తే 2. ఒకటి కొట్టేస్తే 3. ఏమీ తెలియక గుడ్డిగా పెడితే సున్నా. ఏదీ కొట్టేయలేదు గానీ "ఎక్కడో చూసినట్టుంది" అనిపించి పెడితే చ. ఈ చివరిదాన్ని దయచేసి సున్నాలో కలపకండి, ఎందుకో చెబుతాను. న్యూమరికల్‌లో అందాజుగా కొట్టినదానికి న. గుర్తు పరీక్ష రాస్తుండగానే పడాలి. కీ చూశాక వేస్తే "ఇది నాకు తెలుసుగా" అని మనసు అబద్ధం చెబుతుంది.

మాకు తెలిసిన ఒకమ్మాయి ఐదు మాక్‌ల గుర్తులు ఒకచోట కూడి తెచ్చి నాకు చూపించింది. మొత్తం 300 ఆప్షన్ల బిట్లు. అందులో 128 టిక్కు, 113 ఒప్పు. ఆ తప్పులు వేరే కథ, అవి గెస్సింగ్ తప్పులు కావు. 28 వదిలేసింది. మిగతావి ఇలా ఉన్నాయి.

2 గుర్తు వేసినవి 62, తగిలినవి 27. అంటే 44 శాతం, చేతికి 73 మార్కులు.
3 గుర్తు వేసినవి 34, తగిలినవి 9. చేతికి 11.
సున్నా 20, తగిలినవి 5. చేతికి 5.
చ గుర్తు 28, తగిలినవి 4. మైనస్ 8.
న్యూమరికల్ అందాజులు 18, తగిలింది 1. మైనస్ 13.

తను వచ్చేటప్పుడు "నాకు గెస్సింగ్ కలిసిరాదు సార్, ఇకనుంచి ఏదీ పెట్టను" అనుకుంటూ వచ్చింది. లెక్క చూస్తే రెండు కొట్టేసిన బిట్ల మీదే ఐదు పేపర్లకు 73 మార్కులు, అంటే పేపర్‌కు దాదాపు 15. అవన్నీ వదిలేయబోతోంది! పోగొట్టింది రెండే గంపలు, న్యూమరికల్‌లో అందాజులు, "ఎక్కడో చూసినట్టుంది" అన్నవి. ఏమీ తెలియక పెట్టినవాటిలో నాలుగింట ఒకటి తగిలితే, కొంచెం తెలుసనుకుని పెట్టినవాటిలో ఏడింట ఒకటే తగిలింది. ఎక్కడో చూసినట్టనిపించే ఆప్షన్ చాలాసార్లు పాఠ్యపుస్తకంలోంచి తీసిన పదం, కాకపోతే వేరే ప్రశ్నకు జవాబు. తన చ గుర్తుల్లో ఎక్కువ భాగం ఇనార్గానిక్‌వే.

28 బిట్లు చూసి తీర్పు చెప్పేయలేం, అదృష్టం బాగోక కూడా 4 తగలొచ్చు. అందుకే ఇంకో మూడు మాక్‌లు చూద్దామన్నాను. అన్నీ కలిపి చ గుర్తులు 46 అయ్యాయి, తగిలినవి 7. అప్పటికి నాకూ తనకూ అనుమానం తీరింది. తను పెట్టుకున్న నియమం ఇది: 2, 3 ఎప్పుడూ పెట్టాలి, చ వదిలేయాలి, న్యూమరికల్‌లో దారి తెలిస్తేనే పెట్టాలి. సున్నా విషయంలో టెన్షన్ పడేకన్నా వదిలేస్తానంది, పేపర్‌కు ఒక మార్కు తేడాయే కాబట్టి నేనూ సరేనన్నాను.

మీ లెక్క వేరేగా రావచ్చు. కొంతమందికి చ గుర్తులే 40 శాతం తగులుతాయి, వాళ్ళ జ్ఞాపకం అంత గట్టిది. వాళ్ళు వదిలితే నష్టం. ఒక గుర్తుకు కనీసం 40, 50 బిట్లు పోగయ్యేదాకా నియమం మార్చకండి. కోచింగ్ మాక్‌లతో పాటు పాత జేఈఈ మెయిన్ పేపర్లు కూడా రాసి లెక్కలో కలపండి, ఎందుకంటే ఉచ్చులు పెట్టే తీరు రెండిట్లో ఒకేలా ఉండదు.

ఆరో పని: హాల్లో వరస

75 ప్రశ్నలకు 180 నిమిషాలు, ఒక్కోదానికి రెండు నిమిషాల 24 సెకన్లు. గెస్ చేయాలా వద్దా అని మథనపడటానికి ఇందులో టైమ్ లేదు. మొదటి చుట్టులో ఖాయమైనవే చేయండి. రెండో చుట్టులో ఆప్షన్లు కొట్టేయగలిగినవి. చివరి 15 నిమిషాల్లో కొత్త లెక్క ఎత్తుకోకుండా, మాక్‌లలో పెట్టుకున్న నియమాన్ని మిగిలినవాటికి వరసగా వర్తింపజేసుకుంటూ పోండి.

స్క్రీన్ దగ్గర ఒక పొరపాటు జరుగుతుంటుంది. అనుమానంగా ఒక ఆప్షన్ ఎంచుకుని `Save & Mark for Review` నొక్కి, తర్వాత చూద్దామనుకుని వదిలేస్తారు. జవాబు సేవ్ చేసి రివ్యూకి పెట్టిన ప్రశ్నను కూడా దిద్దుతారు. చ గుర్తు బిట్‌ను వదిలేద్దామనుకుంటే, ఎంచుకున్నదాన్ని `Clear Response`తో తీసేసి ఖాళీగా ఉంచాలి. నీట్‌లో ఈ సదుపాయమే లేదు. అక్కడ ఓఎంఆర్ మీద పెన్నుతో దిద్దిన గుండ్రం మళ్ళీ చెరగదు, కాబట్టి అనుమానపు బిట్లకు ముందు ప్రశ్నాపత్రం మీద చుక్క పెట్టుకుని, ఆఖర్లో నిర్ణయం తీసుకున్నాకే ఓఎంఆర్ ముట్టుకోండి.

జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. అక్కడ ఒకటికి మించి ఒప్పు ఆప్షన్లుండే ప్రశ్నల్లో 20 శాతం గీత మరిచిపోండి. గత కొన్నేళ్ళుగా ఉన్న పద్ధతిలో, రెండు మూడు ఒప్పులున్నచోట ఒక్క ఒప్పు మాత్రమే పెట్టినా 1 మార్కు వస్తుంది, ఒక్క తప్పు ఆప్షన్ కలిసినా మొత్తం ప్రశ్నకు మైనస్ 2. ఖాయమైన ఒక ఆప్షన్ పెట్టాక అనుమానపు రెండోది కలిపితే, తప్పైనప్పుడు పోయేది 3 మార్కులు. ఒప్పైతే వచ్చేది ఒక మార్కు కావచ్చు, ఆ రెండే ఒప్పు ఆప్షన్లైతే మూడు కావచ్చు. కాబట్టి రెండో ఆప్షన్ మీద సగానికి పైగా, నిజానికి నాలుగింట మూడొంతుల నమ్మకం ఉంటేనే కలపండి. ప్రతి సెక్షన్ పైన మార్కుల పద్ధతి రాసి ఉంటుంది, ఏటా కొంత మారుతుంది కూడా, కాబట్టి ముందు అది చదవండి.

జనవరి సెషన్ రాసినవాళ్ళకు ఇంకో అవకాశం ఉంది. రఫ్ షీట్లు హాల్లోనే తీసేసుకుంటారు కాబట్టి, ఆ సాయంత్రమే ఏయే బిట్లు అందాజుగా పెట్టారో గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. కొద్ది రోజులకు ఎన్‌టీఏ సైట్‌లో మీ జవాబులు, కీ పెడతారు. ఆ కాగితం పక్కన పెట్టుకుని గుర్తులవారీగా మళ్ళీ కూడండి, ఏప్రిల్ సెషన్‌కు నియమం మార్చాలో వద్దో ఆ లెక్కలో తేలుతుంది.